మా ఫ్లాట్ అమ్మకానికి రీల్ స్క్రిప్ట్ రాశాను: నా అనుభవం

2025 ఫిబ్రవరిలో మియాపూర్‌లోని మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ బిల్డింగ్, మూడో అంతస్తు, టూ బీహెచ్‌కే, 1,180 స్క్వేర్ ఫీట్, 42 గజాల అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగ్ స్థలంలో మా వాటా. మా ఆయనకి తెలిసిన బ్రోకర్ ఒకాయన ఉన్నారు, మేమంతా అన్నా అనే పిలుస్తాం. ఆయన వచ్చి చూసి, "పేపర్ యాడ్ వద్దమ్మా, రీల్ చేయించండి. ఇప్పుడందరూ ఫోన్లోనే ఇల్లు చూస్తున్నారు" అన్నారు. వీడియో తీసే ఒక కుర్రాడి నంబర్ కూడా ఇచ్చారు. షూటింగ్, ఎడిటింగ్, స్క్రిప్ట్ అన్నీ కలిపి 12,000 అన్నాడా అబ్బాయి. యాంకర్ కావాలంటే ఇంకో 3,000.

ఫిబ్రవరి 8 శనివారం పొద్దున ఇల్లు చూడ్డానికి వచ్చాడు. ఫోన్లో స్క్రిప్ట్ రెడీగా ఉంది. "హాయ్ ఫ్రెండ్స్! మీ కలల ఇంటి కోసం వెతుకుతున్నారా? అయితే ఈ వీడియో మీ కోసమే!" అని మొదలైంది. ఆ తర్వాత ప్రైమ్ లొకేషన్, స్కూళ్లు, హాస్పిటళ్లు, మెట్రో అన్నీ 5 నిమిషాల్లో, 100 శాతం వాస్తు, రెరా అప్రూవ్డ్, అన్ని బ్యాంకుల లోన్ సౌకర్యం. నేను గడియారం చూస్తూ చదివాను. ఇల్లు అనే మాట దాటి మా ఇంటి సంగతి ఒక్కటి రావడానికి పది సెకన్లు పట్టింది. అసలు అది మా ఇంటి సంగతి కూడా కాదు. ఊరు పేరు మారిస్తే కొంపల్లికీ సరిపోతుంది, ఎల్బీనగర్‌కీ సరిపోతుంది.

"రెరా అప్రూవ్డ్" దగ్గర ఆగి అడిగాను. మా బిల్డింగ్ 2014లో పూర్తయింది. రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులు రిజిస్టర్ చేయించాలనే చట్టం, వచ్చిందే 2016లో. మా దానికి రెరా నంబరే లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. "అందరూ పెడతారు మేడం, పెట్టకపోతే డౌట్ పడతారు" అన్నాడు. కొనేవాళ్లు నంబర్ అడిగితే ఏం చెప్పాలి? కొత్త ప్రాజెక్టుల ప్రకటనల్లో రెరా రిజిస్ట్రేషన్ నంబర్, వెబ్‌సైట్ అడ్రస్ తప్పనిసరి కాబట్టి అక్కడ ఆ మాట ఉంటుంది. పాత ఫ్లాట్ రీల్‌లో అది అబద్ధమే. లోన్ మాట కూడా తీసేయమన్నాను. డాక్యుమెంట్లు చూసి, కొనేవాళ్ల జీతం చూసి లోన్ ఇవ్వాలో వద్దో చెప్పేది బ్యాంకు. మేం కాదు.

చివరికి స్క్రిప్ట్ నేనే రాస్తాను, మిగతాది నువ్వు చూసుకో అన్నాను. 9,000కి ఒప్పుకున్నాడు. మూడు వేలు మిగిలాయన్న సంతోషం ఆ రాత్రి కాగితం ముందు కూర్చున్నాక పోయింది.

ఇంట్లో పదేళ్లు ఉన్నాం, చెప్పడానికి ఎంతైనా ఉంది. రాసింది పైకి చదివితే రెండు నిమిషాల పైనే వచ్చింది. ఎవరు వింటారు? అప్పుడు మా ఆయన ఒక మంచి మాట చెప్పారు. "ఇల్లు అమ్మడానికి రాయకు, ఫోన్ చేసి అడిగేవాటికి జవాబు రాయి." అన్నకి ఫోన్ చేసి, పాత ఫ్లాట్ అనగానే జనం మొదట ఏం అడుగుతారని అడిగాను. ఆయన తడుముకోకుండా చెప్పారు: ఎంత, ఎక్కడ, ఫేసింగ్, ఎన్నేళ్లయింది, నీళ్లు, పార్కింగ్. గ్రానైట్ ఏ రంగో, ఫాల్స్ సీలింగ్ ఉందో లేదో ఫోన్లో ఎవరూ అడగరట. అవి కళ్లకి కనిపిస్తాయి కదా, మాటల్లో ఎందుకు? నా మొదటి కాగితంలో సగం అక్కడే పోయింది.

మిగిలిన సగంలో టైం తినేసింది అంకెలు. ఇది రాయడానికి కూర్చునే దాకా నాకు తట్టలేదు. కాగితం మీద 1,180 చిన్నగా కనిపిస్తుంది. నోటితో చెబితే "పదకొండు వందల ఎనభై స్క్వేర్ ఫీట్", రెండు సెకన్ల పైన. "నలభై రెండు గజాల అన్‌డివైడెడ్ షేర్" ఇంకో రెండు సెకన్లు. మెయింటెనెన్స్, అంతస్తు, గదుల కొలతలు కూడా చెబితే రీల్‌లో మూడో వంతు అంకెలకే పోతుంది. పైగా విన్నవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ధర, మెట్రో నుంచి నడక, కట్టిన సంవత్సరం, ఈ మూడే గొంతులో పెట్టుకున్నాను. స్క్వేర్ ఫీట్లు, గజాలు, మెయింటెనెన్స్ తెర మీద అక్షరాలుగా వేయమని రాశాను. సౌండ్ ఆపేసి చూసేవాళ్లూ చాలామందే ఉంటారు కాబట్టి ధర రెండు చోట్లా ఉండాలి. మాటల్లో ఒకటి, తెర మీద ఇంకొకటి చెప్పకూడదు. మనిషి ఒకేసారి రెండు వేర్వేరు అంకెలు పట్టుకోలేడు.

కాగితాన్ని మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేశాను. ఎడమ పక్క ఏం కనిపిస్తుందో, కుడి పక్క ఏం వినిపిస్తుందో. అసలు పని అప్పుడు మొదలైంది.

నిలువు ఫ్రేమ్‌లో ఇల్లు చూపించడం ఎంత కష్టమో ఫోన్ పట్టుకుని హాల్లో నిలబడితేగానీ తెలియదు. మా హాలు 17 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మూలలో నిలబడి ఫోన్ నిలువుగా పట్టుకుంటే నేల కనిపిస్తుంది, సీలింగ్ కనిపిస్తుంది, ఫ్యాను కనిపిస్తుంది, గోడ మాత్రం ఒక ముక్కే. నిలువు ఫ్రేమ్‌కి ఎత్తు బాగా అందుతుంది, వెడల్పు అందదు. గదికి కావాల్సింది వెడల్పే. కుర్రాడు "పాయింట్ ఫైవ్‌లో తీద్దాం మేడం" అన్నాడు, అంటే వైడ్ లెన్స్. తీసి చూపించాడు కూడా. హాలు ఫంక్షన్ హాల్లా వచ్చింది. పక్కనున్న పిల్లర్ వంగిపోయింది, రెండు సీట్ల సోఫా మూడు సీట్లదై కూర్చుంది. అన్న అది చూసి వద్దన్నారు. ఇలాంటి వీడియోలు చూసి వచ్చినవాళ్లు గుమ్మంలోనే "ఇంతేనా" అంటారట. ఆ "ఇంతేనా" తర్వాత బేరం లక్షల్లో కిందకి పోతుందట.

అందుకే వెడల్పుని మామూలు లెన్స్‌తోనే, వస్తువుతో చెప్పించాలనుకున్నాను. హాల్లో ఆరడుగుల సోఫా ఉంది. కెమెరా సోఫా అంచు దగ్గర మొదలై ఎదుటి గోడదాకా మెల్లగా తిరుగుతుంది. గొంతు ఆ మిగిలిన చోటు గురించి చెబుతుంది. పెద్ద బెడ్‌రూమ్‌లో మా ఆయన మంచానికి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నడుస్తారు. మనిషి నడవగలిగాడంటే దారి ఉన్నట్టే, అడుగులు చెప్పక్కర్లేదు. మొహం కనిపించకూడదని ఆయన షరతు, కాబట్టి నడుము కింద నుంచే తీశాం.

వెలుతురు గొడవ వేరే. ఈస్ట్ ఫేసింగ్ అని విని కుర్రాడు షూటింగ్ పొద్దున ఏడింటికి పెట్టాడు. ఈస్ట్ ఫేసింగ్ అంటే మా తలుపు తూర్పుకి ఉందని అర్థం. ఆ తలుపు తెరుచుకునేది కారిడార్‌లోకి. వెలుతురొచ్చే బాల్కనీ పడమటి వైపు. పొద్దున మా హాల్లో ట్యూబ్ లైట్ వేసుకుని పేపర్ చదువుతాం. స్క్రిప్ట్‌లో ప్రతి షాట్ పక్కన టైం రాశాను: హాలు, పెద్ద బెడ్‌రూమ్ మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య. ఆ తర్వాత ఎండ నేరుగా కెమెరాలోకి కొడుతుంది. ఇంకో సంగతి, గుమ్మంలోంచి బాల్కనీ వైపు తీస్తే బాల్కనీ తెల్లటి ముద్దగా వచ్చి హాలు చీకటి అవుతోంది. అదే బాల్కనీలో నిలబడి లోపలికి తీస్తే గది మొత్తం వెలుగులో ఉంది. కాబట్టి మొదటి షాట్ తలుపు తెరిచి లోపలికి రావడం కాదు, బాల్కనీ నుంచి లోపలికి చూడడం. అందరూ తలుపుతో మొదలుపెడతారు కదా అని కుర్రాడు కాస్త గునిశాడు. తలుపు చూసి ఫ్లాట్ కొనేవాళ్లెవరు?

మెట్రో మాటకొస్తే, "5 నిమిషాలు" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఒక పొద్దున ఫోన్లో టైమర్ పెట్టుకుని స్టేషన్ మెట్లు దిగిన దగ్గర్నుంచి మా గేటు దాకా మామూలుగా నడిచాను. 14 నిమిషాలు. అన్న మొహం పెట్టారు. "బైక్ మీద 5 నిమిషాలే కదమ్మా." బైక్ ఉన్నవాడు మెట్రో గురించి అంత పట్టించుకోడు, నడిచేవాడికే అది కావాలి. 14 అనే రాశాను.

అసలైన టెన్షన్ రెండు లోపాల దగ్గర వచ్చింది. చిన్న బెడ్‌రూమ్ కిటికీ తీస్తే నాలుగడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. పార్కింగ్ ఏమో ఒక కారు వెనక ఇంకో కారు పెట్టే రకం, వెనకాయన బయటికి వెళ్లాలంటే మనం కారు తీయాలి. రెండూ స్క్రిప్ట్‌లో రాశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర పైకి చదివి వినిపిస్తే అత్తయ్య కంచం పక్కకి జరిపారు. "మన ఇంటి లోపాలు మనమే ఊరంతా చాటుకోవడం ఏమిటే? ఆ ఇంట్లో మనం బాగుపడ్డాం, అది చెప్పు." ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. పదేళ్లలో ఆ గదిని చీకటిగది అని మేమెవరం అనుకోలేదు. పిల్లాడు చదువుకుని పైకొచ్చింది ఆ గదిలోనే. దాని గురించి "పగలు కూడా లైటు కావాలి" అని రాస్తుంటే నాకూ మనసు కలుక్కుమంది. అన్న మాత్రం లెక్క మాట్లాడారు: "చెబితే ఫోన్లు తగ్గుతాయి." నా లెక్క ఇంకోటి. ఎలాగూ వచ్చి చూస్తారు. చూశాక వద్దనేవాళ్ల కోసం ఆదివారమంతా ఇల్లు సర్ది, టీ పెట్టి, గంటలు గంటలు కూర్చోవడం నా వల్ల కాదు. మా ఆయన నా పక్కకి వచ్చారు, మాట నిలబడింది.

ధర మీదా పేచీ నడిచింది. ధర చెప్పకపోతే అడగడానికైనా ఫోన్ చేస్తారన్నది కుర్రాడి వాదం. యాభై లక్షలున్నవాళ్ల ఫోన్లు నాకెందుకు? 72 లక్షలు మొదటి వాక్యంలోనే పెట్టాను. చివరికి మిగిలిన మాటలివి:

"మియాపూర్‌లో టూ బీహెచ్‌కే, డెబ్బై రెండు లక్షలు. మెట్రో నుంచి నడిస్తే పద్నాలుగు నిమిషాలు. తలుపు తూర్పుకి, వెలుతురు పడమటి బాల్కనీ నుంచి. ఆరడుగుల సోఫా వేశాక కూడా హాల్లో ఇంత చోటు. వంటింటి వెనక యుటిలిటీ, వాషింగ్ మెషీన్‌కీ గిన్నెలకీ. పెద్ద బెడ్‌రూమ్‌లో డబుల్ కాట్‌కి రెండు పక్కలా దారి. చిన్న బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, పగలు కూడా లైటు కావాలి. పార్కింగ్ ఒక కారుకి, ముందూ వెనకా పెట్టుకోవాలి. మంజీరా నీళ్లు, బోరు రెండూ ఉన్నాయి. బిల్డింగ్ కట్టింది 2014లో. చూడాలంటే వాట్సాప్ చేయండి."

నిదానంగా చదివితే 45 సెకన్ల లోపు అయిపోతుంది. ఫోన్ నంబర్ గొంతులో చెప్పలేదు. పది అంకెలు చెప్పడానికి నాలుగైదు సెకన్లు కావాలి, ఎవరూ రాసుకోరు. కింద క్యాప్షన్‌లో అన్న నంబర్ పెట్టాం. గొంతు నాదే. యాంకర్ డబ్బులు దండగనిపించి, మధ్యాహ్నం వేళ బీరువాలో బట్టల మధ్య తల పెట్టి ఫోన్లో రికార్డు చేశాను. బట్టలు గది ప్రతిధ్వనిని మింగేస్తాయి.

షూటింగ్ ఫిబ్రవరి 16 ఆదివారం. అంతకుముందే అసోసియేషన్ ప్రెసిడెంట్ గారిని అడిగితే గేటు మీది పేరు, మిగతావాళ్ల కార్ల నంబర్లు కనిపించకూడదన్నారు. సబబే. మేం కూడా గోడల మీది ఫోటోలు, దేవుడి గదిలోని వెండి సామాను, ఫ్లాట్ నంబర్ ప్లేటు ముందే తీసేశాం. ఒక్కో షాట్ మాట కన్నా రెండు సెకన్లు ఎక్కువ తీయమని స్క్రిప్ట్‌లో రాయడం బాగా పనికొచ్చింది. కుర్రాడికి చకచకా తిప్పే అలవాటు. "యుటిలిటీ" అని చెప్పేలోపు కెమెరా బయటికి వచ్చేస్తుంది. మొత్తం రెండు గంటల్లో ముగిసింది.

ఎడిటింగ్ మూడు రోజులన్నాడు. 20న ఫోన్ చేస్తే రేపు, 22న చేస్తే సిస్టమ్ హ్యాంగ్ అయింది. 24 రాత్రి వచ్చింది. తెరిచి చూస్తే పార్కింగ్ వాక్యం లేదు. అన్న అడిగి తీయించారట. నాకు చెప్పలేదు. దాంతోపాటు నా గొంతుని వేగం పెంచి పెట్టాడు, వెనక డప్పు మోత. అన్నింటికన్నా నవ్వొచ్చింది ఏమిటంటే, 1,180 స్క్వేర్ ఫీట్లు, 42 గజాలు అని చక్కగా తెర అడుగున వేశాడు. ఎడిటింగ్‌లో బాగానే కనిపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం సరిగ్గా అక్కడే అకౌంట్ పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి, కుడి పక్క లైకు, కామెంటు, షేరు గుర్తులు. అక్షరాలు సగం వాటి వెనక్కి పోయాయి. తెర మధ్యకి, కాస్త పైకి జరిపించాను. ఎలా కనిపిస్తుందో చూడ్డానికి కంప్యూటర్‌లో కాదు, పోస్ట్ చేసే ముందు వచ్చే ప్రివ్యూలో ఫోన్ మీదే చూడాలి.

పార్కింగ్ వాక్యం తిరిగి పెట్టించడానికి ఒక సాయంత్రం గొడవే అయింది. అన్న ఒక మెట్టు దిగి, మాటల్లో ఉంచుదాం, తెర మీద వద్దన్నారు. సరేనన్నాను. శివరాత్రి వెళ్లాక ఫిబ్రవరి 27 సాయంత్రం అన్న పేజీలో పోస్ట్ అయింది. బూస్ట్‌కి 1,500 పెట్టాం.

మొదటి రెండు రోజులు వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం బ్రోకర్లవే. "మా దగ్గర పార్టీ ఉంది సార్." కామెంట్లలో "ప్రైస్?" అని అడిగేవాళ్లకి అంతే లేదు, మొదటి వాక్యం ధరే అయినా. దాన్ని చూసి కుర్రాడు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. కానీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వేరు. ఒక కుటుంబం రాగానే నేరుగా చిన్న బెడ్‌రూమ్‌లోకి వెళ్లి కిటికీ తెరిచారు. "మీరు చెప్పినంత చీకటిగా లేదే" అన్నారావిడ. పార్కింగ్ గురించి వచ్చాక గొడవపడినవాళ్లు ఒక్కరూ లేరు. పడేవాళ్లు రాలేదు. అన్న చెప్పినట్టు ఫోన్లు తగ్గాయేమో, ఆయన ఇప్పటికీ అదే అంటారు.

అమెరికాలో ఉన్న అబ్బాయి ఒకతను రీల్ చూసి, నిజాంపేటలో ఉన్న అమ్మానాన్నలని పంపాడు. వాళ్లకి వాట్సాప్‌లో వీడియో పంపితే మసకబారి గజాల అంకె చదవలేకపోయారు. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాక శుభ్రంగా కనిపించింది. పెద్దాయన ఫోన్ పట్టుకుని, రీల్‌లోలాగే సోఫా నుంచి గోడదాకా నడిచి చూసుకున్నారు. లోన్ తీసుకోవాలా వద్దా అని వాళ్లు రెండు వారాలు ఆగారు. మార్చి 24న, ఉగాదికి ముందు, 69 లక్షల 50 వేలకి అగ్రిమెంట్ అయింది. అన్నకి ఒక శాతం. వీడియోకి, బూస్ట్‌కి కలిపి మాకు పదివేల ఐదొందలు.

అగ్రిమెంట్ రాత్రే రీల్ తీసేశాం. అయినా పోలేదు. ఎవరో దాన్ని ముందే దింపుకుని, క్యాప్షన్ మార్చి, తమ నంబర్ వేసి వేరే పేజీలో పెట్టుకున్నారు. గొంతు నాదే, పార్కింగ్ వాక్యం మాత్రం కత్తిరించారు. ఏప్రిల్‌లో ఒకరోజు అన్నకి తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మియాపూర్‌లో మంచి ఫ్లాట్ ఉంది సార్, 76 లక్షలు, మీ దగ్గర పార్టీ ఉంటే చెప్పండి, కమిషన్ చెరి సగం అన్నాడట.